సేవింగ్స్ ఖాతా వడ్డీ: ఏ రోజు నిల్వ మీద లెక్క కడతారు, చేతికి ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారి సేవింగ్స్ ఖాతాలో మార్చి 25కి 14,000 ఉంది. ఏప్రిల్ 28న దాళ్వా ధాన్యం డబ్బులు 3,26,000 పడి నిల్వ 3,40,000 అయింది. మే 9న పంట రుణం కట్టడానికి 2,00,000, మే 26న చెల్లి కాలేజీ ఫీజుకి 1,10,000 తీశాం. ఆ తర్వాత ముట్టుకోలేదు. రేటు 2.5 శాతం అన్నారు. 3,40,000 మీద మూడు నెలలకి 2,125 రావాలి కదా, జూన్ 25న 513 రూపాయలే పడింది. బ్యాంకు వాళ్ళు తక్కువ వేశారా? జులైలో ఈ ఖాతా మూసేద్దామనుకుంటున్నాం, మిగతా వడ్డీ పోతుందా?

సమాధానం:

తక్కువ వేయలేదండి. మీరిచ్చిన తేదీలతో కాగితం మీద వేసి చూశాను, సరిగ్గా 513 రూపాయలే వస్తోంది. ఖాతా మూసినా వడ్డీ పోదు. మూసే ముందు రోజు వరకు లెక్క కట్టి అసలుతో కలిపి ఇస్తారు.

నేను కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ పల్లె బ్రాంచీల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ప్రతి జూన్ నెలాఖరుకీ కౌంటరు దగ్గర ఇదే మాట వినేవాడిని: "మూడు లక్షలు ఉంచాం కదండీ, ఇంతేనా?" అడిగిన వాళ్ళ తప్పేం లేదు. పాస్‌బుక్కులో కళ్ళకి కనబడేది పెద్ద అంకె. అది ఎన్ని రోజులు ఉందన్నది ఎక్కడా రాసి ఉండదు. వడ్డీ మాత్రం ఆ రోజుల్ని బట్టే వస్తుంది. అందుకే లెక్క మొత్తం విప్పి రాస్తున్నాను, ఇక మీదట మీరే వేసుకోవచ్చు.

రోజు ముగిసేసరికి ఖాతాలో ఉన్న నిల్వే ఆ రోజు లెక్క. పొద్దున ఎంత ఉంది, మధ్యాహ్నం ఎంత ఉంది అన్నది చూడరు. రాత్రి ఆ రోజు లెక్కలు మూసేటప్పుడు ఎంత మిగిలిందో అదొక్కటే ఆ తేదీకి రాసుకుంటారు. అలా ప్రతి రోజుకీ ఒక అంకె వస్తుంది. ఆదివారానికీ, సంక్రాంతికీ, బ్యాంకు సెలవులకీ కూడా వస్తుంది. ఆ అంకెలన్నీ కూడితే వచ్చేదాన్ని మేం బ్యాంకుల్లో 'ప్రొడక్టు' అనేవాళ్ళం. నిల్వను రోజులతో హెచ్చవేయగా వచ్చినది అని దానర్థం. ఆ ప్రొడక్టును వడ్డీ రేటుతో హెచ్చవేసి 36,500తో భాగిస్తే వడ్డీ వచ్చేస్తుంది. 365 రోజులు, శాతానికి 100, రెండూ కలిసి 36,500 అయింది, అంతే.

ఇప్పుడు మీ నాన్నగారి ఖాతా చూద్దాం. జూన్ 25న పడిన వడ్డీ మార్చి 25 నుంచి జూన్ 24 వరకు, అంటే 92 రోజులకు. ఈ 92 రోజుల్లో నిల్వ నాలుగు మెట్లుగా ఉంది.

మొదటి మెట్టు మార్చి 25 నుంచి ఏప్రిల్ 27 వరకు. మార్చిలో 7 రోజులు, ఏప్రిల్లో 27, మొత్తం 34 రోజులు. ఆ రోజులన్నిటా నిల్వ 14,000. హెచ్చవేస్తే 4,76,000.

రెండోది ధాన్యం డబ్బులు పడిన ఏప్రిల్ 28 నుంచి మే 8 వరకు. డబ్బు పడిన రోజు లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే ఆ రాత్రికి ఖాతాలో ఉంది. తీసిన మే 9 రాదు, ఆ రాత్రికి లేదు కాబట్టి. అంటే 11 రోజులు, నిల్వ 3,40,000. హెచ్చవేస్తే 37,40,000.

మూడోది మే 9 నుంచి 25 వరకు 17 రోజులు, నిల్వ 1,40,000. ప్రొడక్టు 23,80,000.

నాలుగోది మే 26 నుంచి జూన్ 24 వరకు 30 రోజులు, నిల్వ 30,000. ప్రొడక్టు 9,00,000.

ముందుగా రోజులు కూడి చూసుకోండి: 34, 11, 17, 30 కలిపితే 92. ఈ మొత్తం సరిపోకపోతే ఎక్కడో ఒక తేదీ రెండు సార్లు పడిందనో, వదిలేశామనో అర్థం. నేను కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదట నేర్పేది ఇదే, వడ్డీ వేసే ముందు రోజులు కూడమని. ఇప్పుడు నాలుగు ప్రొడక్టులూ కూడితే 74,96,000. దాన్ని 2.5తో హెచ్చవేసి 36,500తో భాగిస్తే 513 రూపాయల 42 పైసలు. జమ చేసేటప్పుడు దగ్గరి రూపాయికి సవరిస్తారు. యాభై పైసలు, ఆపైన ఉంటే పై రూపాయి, లోపు ఉంటే వదిలేస్తారు. కాబట్టి 513.

ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ 513లో 256 రూపాయలు కేవలం ఆ 11 రోజుల్లో వచ్చినవే. మిగతా 81 రోజులూ కలిపి తెచ్చింది 257. మూడు లక్షల నలభై వేలు ఖాతాలో 'ఉంది' నిజమే, కానీ పదకొండు రాత్రులే ఉంది. మీరు వేసుకున్న 2,125 రావాలంటే ఆ మొత్తం మూడు నెలలూ కదలకుండా ఉండాలి.

తలలో పెట్టుకోవడానికి ఒక చిన్న అంకె చెబుతాను. 2.5 శాతం రేటుకి లక్ష రూపాయలు ఒక రాత్రి ఉంటే 6 రూపాయల 85 పైసలు. ఇది గుర్తుంటే కాలిక్యులేటర్ లేకుండానే అంచనా వేసుకోవచ్చు. మూడు లక్షలు పది రోజులుంటే ముప్పై సార్లు 6.85, అంటే సుమారు 205. రేటు వేరైతే ఈ అంకె మారుతుంది. స్టేట్ బ్యాంకు 2025 జూన్ 15 నుంచి సేవింగ్స్ రేటును 2.7 నుంచి 2.5కి తగ్గించింది. అలా మూడు నెలల మధ్యలో రేటు మారితే, మారిన తేదీ దాకా పాత రేటు, అక్కడి నుంచి కొత్త రేటు. రెండు ముక్కలుగా వేసి కలపాలి. ఆ ఏడాది జూన్‌లో పడిన వడ్డీని ఒకే రేటుతో సరిచూసి తేడా వచ్చిందని కంగారు పడిన వాళ్ళున్నారు.

రోజు ముగిసే నిల్వ అంటే ఏమిటో భీమవరం వైపు రొయ్యల రైతుల ఖాతాల్లో బాగా తెలుస్తుంది. ఒకాయనకి పట్టుబడి డబ్బులు 12 లక్షలు పొద్దున పదకొండింటికి పడ్డాయి. సాయంత్రం నాలుగింటికల్లా మేత కంపెనీకీ, చెరువు లీజుకీ పంపేశారు. స్టేట్‌మెంటులో 12 లక్షలు రావడం పోవడం రెండూ ఉన్నాయి, వడ్డీలో ఒక్క రూపాయి కూడా పెరగలేదు. ఆ రాత్రికి ఖాతాలో లేదు కదా. అదే డబ్బు సాయంత్రం ఆరింటికి పడి మర్నాడు పొద్దున పదింటికి పోయి ఉంటే ఒక రోజు లెక్కలోకి వచ్చేది. ఇప్పటి రేటుతో 82 రూపాయలు. మొదటిది అయిదు గంటలు, రెండోది పదహారు గంటలు. అయితే గంటలతో పని లేదు, మధ్యలో రాత్రి పడిందా లేదా అన్నదే లెక్క.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒకాయన వడ్డీ పడే తేదీ కనిపెట్టి, సరిగ్గా ముందు రోజు సాయంత్రం 5 లక్షలు తెచ్చి వేసేవారు. వడ్డీ పడ్డాక మర్నాడు తీసుకుపోయేవారు. "ఆ రోజుకి బ్యాలెన్సు ఉంటే చాలు కదండీ, మూడు నెలల వడ్డీ పడిపోతుంది" అని ఆయన నమ్మకం. ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఇప్పటి రేటుతో చెప్పాలంటే ఆ 5 లక్షలకి రాత్రికి 34 రూపాయలు వస్తుంది, మూడు నెలల 3,125 రాదు. ఆ 34 కోసం ఆటో కట్టించుకుని అంత నగదు మోసుకురావడం, మళ్ళీ మోసుకుపోవడం! వడ్డీ పడే రోజున నిల్వ ఎంత ఉందన్నదానికీ, పడే వడ్డీకీ సంబంధం లేదు. ఆ రోజున ఖాతాలో వంద రూపాయలే ఉన్నా, గడిచిన రోజుల్లో ఉన్న నిల్వకి రావాల్సింది వచ్చే తీరుతుంది. మీ నాన్నగారి ఖాతాలో జూన్ 24న ఉన్నది 30,000 మాత్రమే, అయినా మే మొదటి వారపు 3,40,000కి వడ్డీ వచ్చింది చూడండి.

ఈ అపోహలు ఊరికే పుట్టలేదు. పాత పద్ధతి నుంచి వచ్చినవి. 2010 మార్చి 31 వరకు బ్యాంకుల్లో రోజువారీ లెక్క లేదు. నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ ఏదో, ఆ నెల మొత్తానికి దాని మీదే వడ్డీ. నేను లెడ్జర్ల కాలంలో చేరినవాణ్ణి. ఒక్కో ఖాతా పేజీలో నెలనెలా ఆ కనిష్ఠ నిల్వను వెతికి పక్క గడిలో వేసేవాళ్ళం. ఆర్నెల్లకోసారి ఆ గడులన్నీ కూడి వడ్డీ కట్టేవాళ్ళం. 10వ తేదీ లోపల డబ్బు వేసేయాలని ఫించనుదారులు 8, 9 తేదీల్లో వరసకట్టేవారు. రిజర్వ్ బ్యాంకు 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీదే లెక్కించాలని నిబంధన పెట్టాక ఆ వరసలు పోయాయి. వరస పోయినా మాట మిగిలింది. ఇప్పటికీ "పదో తారీకు లోపల వేస్తే వడ్డీ వస్తుంది" అనే పెద్దవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు.

డెల్టా రైతుకి ఆ పాత పద్ధతి ఎంత నష్టమో మీ లెక్కతోనే చెబుతాను. మన దగ్గర దాళ్వా డబ్బు ఏప్రిల్ ఆఖరుకో మే మొదటికో వస్తుంది. వచ్చిన నెల తిరక్కుండానే అప్పులకీ, ఫీజులకీ, సార్వా పెట్టుబడికీ పోతుంది. ఆ పద్ధతిలో ఏప్రిల్‌కి మీ కనిష్ఠ నిల్వ 14,000. ధాన్యం డబ్బు 28న వచ్చినా 10 నుంచి 27 దాకా ఉన్నది అంతే కదా. మే నెలకి 30,000, ఎందుకంటే 26న ఫీజుకి తీశారు. జూన్‌కి 30,000. మూడూ కలిపి 74,000, దానికి 2.5 శాతం చొప్పున నెల లెక్కన 154 రూపాయలు. ఏప్రిల్ 28 నుంచి మే 8 దాకా 3,40,000, అక్కడి నుంచి మే 25 దాకా 1,40,000 ఖాతాలో ఉన్నాయన్న సంగతే ఆ లెక్కకి కనబడదు. రోజువారీ లెక్కలో 513 వచ్చింది.

ఇది చరిత్ర కదా ఇప్పుడెందుకు అనుకోకండి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో నేటికీ ఆ 10వ తేదీ పద్ధతే నడుస్తోంది. అక్కడ రేటు 4 శాతం, బ్యాంకు కంటే ఎక్కువ. అందుకని ధాన్యం డబ్బు పోస్టాఫీసులో వేస్తే లాభమని కొందరు చెబుతారు. మీ డబ్బు ఇవే తేదీల్లో అక్కడ పడి, పోయి ఉంటే వచ్చేది 74,000 మీద 4 శాతం చొప్పున నెల లెక్కన 247 రూపాయలు. అది కూడా మూడు నెలలకోసారి కాదు, ఆర్థిక సంవత్సరం చివర మార్చిలోనే జమ అవుతుంది. 4 శాతం ఇచ్చే చోట 247, రెండున్నర ఇచ్చే చోట 513. కదలకుండా ఉండే డబ్బుకి పోస్టాఫీసు మేలు, నేను కాదనను. వచ్చిపోయే డబ్బుకి రేటు కంటే లెక్క కట్టే పద్ధతి ముఖ్యం. అక్కడ ఖాతా ఉన్నవాళ్ళు 10 నుంచి నెలాఖరు వరకు నిల్వ 500 కంటే తగ్గకుండా కూడా చూసుకోవాలి, తగ్గితే ఆ నెలకి అసలు వడ్డీయే ఉండదు.

ఇక జమ ఎప్పుడన్న సంగతి. వడ్డీ లెక్క రోజూ జరుగుతుంది గానీ రోజూ ఖాతాలో పడదు. బ్యాంకు కంప్యూటర్లో పక్కన పోగవుతూ ఉంటుంది, పాస్‌బుక్కులో కనబడదు, తీసుకోవడానికి వీల్లేదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం మూడు నెలలకోసారి గానీ, అంతకంటే ముందుగా గానీ జమ చేయాలి. ప్రభుత్వ బ్యాంకుల్లో ఎక్కువ చోట్ల మూడు నెలలకోసారే. తేదీ మాత్రం అన్ని చోట్లా ఒకటి కాదు. మీ పాస్‌బుక్కులో 25 కనబడుతోంది. కొన్ని బ్యాంకులు 30వ తేదీనో 31నో వేస్తాయి, కొన్నింట్లో మర్నాడు 1వ తేదీతో కనబడుతుంది. కొన్ని ప్రైవేటు బ్యాంకులు నెలనెలా ఇస్తాయి. మీ బ్యాంకుది తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. పాత పాస్‌బుక్కు తిరగేసి వడ్డీ జమ అని ఉన్న వరసల తేదీలు నాలుగు చూడండి, తెలిసిపోతుంది.

ఆ తేదీ తెలియడం ఎందుకు అవసరమంటే, సరిచూసే లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి. చాలామంది ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 అని వేసుకుంటారు. 25న జమ అయ్యే ఖాతాకి అలా వేస్తే రెండు వైపులా తేదీలు జరిగిపోయి తేడా వస్తుంది. పోయినసారి వడ్డీ పడిన రోజు నుంచి, ఈసారి పడిన ముందు రోజు వరకు వేయాలి.

జమ అయ్యేదాకా పోగైన వడ్డీ మీద వడ్డీ ఉండదు. జమ అయిన రోజు నుంచి అది నిల్వలో కలిసిపోతుంది కాబట్టి, తర్వాత దాని మీద కూడా వస్తుంది. మీ ఖాతాలో జూన్ 25 నుంచి నిల్వ 30,513. ఇక్కడి నుంచే మీ రెండో ప్రశ్నకి లెక్క. జులై 10న ఖాతా మూశారనుకోండి. జూన్ 25 నుంచి జులై 9 వరకు 15 రోజులు, నిల్వ 30,513. వడ్డీ 31 రూపాయలు. మూసేటప్పుడే వేసి, మొత్తం 30,544 చేతికో వేరే ఖాతాకో ఇవ్వాలి. సెప్టెంబరు వరకు ఆగక్కర్లేదు. మూసే రోజున వడ్డీ వరస కూడా పడిన చివరి స్టేట్‌మెంటు ఒకటి అడిగి తీసుకోండి. ఖాతా మూసేశాక దాన్ని మీ ఫోనులో చూడలేరు.

ఇప్పటిదాకా అంతా సరిగ్గా పడిన ఖాతా గురించి చెప్పాను. నిజంగా తేడా వచ్చే సందర్భాలూ ఉన్నాయి. నా అనుభవంలో అవి వడ్డీ లెక్కలో రావు. లెక్క కంప్యూటరు చేస్తుంది, అది తప్పదు. తప్పేది తేదీ.

మా అత్తగారి ఊళ్ళో జరిగింది చెబుతాను. ఆవిడ 90,000 నగదు, ఊళ్ళో బ్యాంకు తరఫున డబ్బు తీసుకునే మనిషికి శుక్రవారం ఇచ్చారు. ఆయన చిన్న కాగితం మీద అంకె వేసి సంతకం చేసి ఇచ్చాడు. ఖాతాలో పడింది మంగళవారం. నాలుగు రాత్రులు పోయాయి. వడ్డీ చూస్తే పాతిక రూపాయల లోపే, ఆవిడ దాని గురించి బాధపడలేదు. నాకు మాత్రం ఆ పాతిక కంటే, ఆ నాలుగు రోజులు ఆ డబ్బు ఎవరి చేతిలో ఉందన్నదే నచ్చలేదు. బ్రాంచికి వెళ్ళి చెప్పాం, డబ్బు తీసుకునే పద్ధతి మార్చుకున్నారు. అప్పటి నుంచి ఊళ్ళో అందరికీ ఒకటే చెబుతున్నాను: మిషను నుంచి వచ్చే రసీదు, లేదా ఫోనుకి జమ అయినట్టు మెసేజీ, రెండిట్లో ఒకటి రాకుండా అక్కడి నుంచి కదలొద్దు. చేత్తో రాసిన కాగితం తేదీకి వడ్డీ రాదు, ఖాతాలో పడిన తేదీకే వస్తుంది.

చెక్కుల విషయంలోనూ ఇంతే. కడియం నర్సరీల వాళ్ళు మొక్కల లోడు పంపి చెక్కు తీసుకుంటారు. చెక్కు బ్యాంకులో వేసిన రోజు నుంచి వడ్డీ లెక్క మొదలవుతుందనుకుంటారు. కాదు, చెక్కు పాసై డబ్బు ఖాతాకి వచ్చిన రోజు నుంచి. మునుపు దీనికి ఒకటి రెండు రోజులు పట్టేది. మధ్యలో సెలవులొస్తే ఇంకా సాగేది. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల్ని ఎప్పటికప్పుడు పంపి అదే రోజు తేల్చే పద్ధతి రావడంతో ఈ ఎడం బాగా తగ్గింది. అయినా అనుమానం వస్తే పాస్‌బుక్కు కాకుండా పూర్తి స్టేట్‌మెంటు తీసుకోండి. అందులో లావాదేవీ తేదీ పక్కన ఇంకో తేదీ ఉంటుంది, వాల్యూ డేటు అంటారు. రెండూ ఒకటే అయితే బాధ లేదు. వేరైతే వడ్డీకి పనికొచ్చేది వాల్యూ డేటే. మీరు వేసిన లెక్కకీ బ్యాంకు వేసినదానికీ ఒక రూపాయి అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. పదులు, వందల్లో తేడా ఉంటే ముందు ఈ గడి చూడండి.

ఇంకో చోటా తేడా కనబడుతుంది. కొన్ని ఖాతాలకి, నిల్వ ఒక హద్దు దాటగానే పై మొత్తం దానంతటదే డిపాజిట్‌లోకి వెళ్ళిపోయే ఏర్పాటు ఉంటుంది. పాస్‌బుక్కులో మొత్తం కలిపి కనబడినా, సేవింగ్స్ వడ్డీ హద్దు లోపలి దానికే వస్తుంది. మిగతాది డిపాజిట్ వడ్డీగా వేరే వరసలో పడుతుంది. మీ నాన్నగారి లెక్క రూపాయితో సహా సరిపోయింది కాబట్టి ఆయన ఖాతాకి అది లేదు.

ఆఖరుగా, మీరు అడగకపోయినా చెప్పకుండా ఉండలేని మాట ఒకటి. ధాన్యం డబ్బు ఏప్రిల్ 28న పడితే పంట రుణం కట్టింది మే 9న. ఆ పదకొండు రోజులు 2,00,000 సేవింగ్స్‌లో ఉండి తెచ్చింది 151 రూపాయలు. పంట రుణానికీ ఇదే రోజువారీ లెక్క, అటువైపు నుంచి. 7 శాతం చొప్పున ఆ పదకొండు రోజులకి రుణం మీద పడింది 422 రూపాయలు. గడువులోపు కట్టినందుకు వచ్చే 3 శాతం రాయితీ తీసేసి 4 శాతమే అనుకున్నా 241. ఎలా చూసినా వచ్చినదాని కంటే పోయిందే ఎక్కువ. నాన్నగారికి వీలుపడక ఆగి ఉండొచ్చు, తప్పు పట్టడం లేదు. సార్వా డబ్బు వచ్చినప్పుడు మాత్రం రుణానికి కట్టాలనుకున్నది పడిన రోజునే, చీకటి పడేలోగా కట్టేయమనండి. రోజు ముగిసే నిల్వ రుణ ఖాతాకీ ఆ రాత్రి నుంచే తగ్గుతుంది.

సెప్టెంబరు 25న వడ్డీ పడేటప్పటికి ఖాతా ఇంకా తెరిచే ఉంటే, జూన్ 25 నుంచి సెప్టెంబరు 24 వరకు మళ్ళీ 92 రోజులు. పైన వేసినట్టే మెట్లుగా విడగొట్టి వేసి చూడండి. తేడా వస్తే ఇక్కడే తేదీలూ నిల్వలూ పెట్టండి, కలిసి చూద్దాం. ఖాతా నంబరు మాత్రం పెట్టకండి.